దర్జీ అంగడి కేసులో పదిహేను రోజులు: బాడుగ ఉత్తర్వును సంఘానికి వివరించడం

బాడుగ కేసులో ఉత్తర్వు వచ్చిన రోజు సాయంత్రం బాడుగదారుల సంఘంలో అందరూ అడిగేది గెలిచామా, ఓడామా అనే. ఉత్తర్వును వివరించడానికి నిలబడిన మనిషి ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పాడంటే చాలాసార్లు నష్టం అక్కడే మొదలవుతుంది. బాడుగ ఉత్తర్వుల్లో షరతు లేని గెలుపు అరుదు. ఫలానా తేదీలోగా ఫలానా మొత్తం కడితే పిటిషన్ కొట్టేసినట్టు, కట్టకపోతే ఖాళీ చేయాల్సినట్టు అని చెప్పే ఉత్తర్వులు ఉంటాయి. అలాంటి ఉత్తర్వును సంఘంలో గెలుపుగా చెబితే, కట్టాల్సిన మనిషి కట్టకుండానే ఇంటికి వెళ్లిపోతాడు. అందుకే పది నిమిషాల ప్రసంగాన్ని ఏ క్రమంలో చెప్పాలన్నది ఇక్కడ చిన్న విషయం కాదు.

దీన్ని ఒక కేసు ఆధారంగా చూడడం మేలు. కేసు వివరించడానికి అల్లుకున్నదే, అందులోని చట్టం, గడువులు మాత్రం అసలైనవి. చిత్తూరు బజారులో ఒక దర్జీ ఏళ్ల తరబడి చిన్న అంగడి గదిలో ఉంటున్నాడు. నెల బాడుగ 1,800 రూపాయలు. గడిచిన నెల బాడుగను వచ్చే నెల 5వ తేదీలోగా ఇవ్వాలని కరారు ఉంది. ఓనరు పోయాక ఆయన కొడుకు బాడుగను 3,500 రూపాయలు చేయాలని అడిగాడు, దర్జీ ఒప్పుకోలేదు. ఏప్రిల్ బాడుగ తీసుకెళ్తే కొడుకు తీసుకోలేదు. దర్జీ నోటీసు ఇచ్చాడు, మనియార్డరు పంపాడు, అది తిరిగి వచ్చాక కోర్టులో జమ చేశాడు. ఇంతలో ఓనరు కొడుకు ఖాళీ చేయించమని పిటిషన్ వేశాడు. ఏప్రిల్ సంగతి వదిలేసి, అంతకు ముందరి జనవరి, ఫిబ్రవరి, మార్చి మూడు నెలల బాడుగే తనకు అందలేదన్నాడు. ఆ మూడు నెలలదీ చేతికే ఇచ్చానని, రశీదు అడగలేదని దర్జీ జవాబు చెప్పాడు. ఆ మూడు నెలల బాకీ ఉందా లేదా అన్నదే వివాదం కాబట్టి అది తుది ఉత్తర్వుకు మిగిలింది. తర్వాతి నెలల బాడుగను మాత్రం సెప్టెంబరుది దాకా దర్జీ కోర్టులో జమ చేస్తూ వచ్చాడు.

ఇలాంటి కేసును విచారించే అధికారిని చట్టం రెంట్ కంట్రోలర్ అంటుంది. వాడుకలో ట్రిబ్యునల్ అనో, బాడుగ కోర్టు అనో అంటారు. జిల్లాల్లో ఆ పని సాధారణంగా జూనియర్ సివిల్ జడ్జి చూస్తారు. కేసు నంబరు ముందు ఆర్.సి.సి. అని ఉంటుంది. ప్రసంగానికి సిద్ధమయ్యేవారు ఉత్తర్వు మొదటి పేజీలో ముందుగా చూడాల్సింది ఆ నంబరు కింద రాసిన చట్టం పేరు, సెక్షను. ఈ దర్జీ కేసు 1960 నాటి ఆంధ్రప్రదేశ్ కట్టడాల కౌలు, బాడుగ, ఖాళీ నియంత్రణ చట్టం కింద, 10వ సెక్షన్‌లో 2వ ఉపసెక్షను మొదటి క్లాజు మీద నడిచింది. చిత్తూరు ప్రాంతం 1953 దాకా మద్రాసు రాష్ట్రంలో ఉండేది కాబట్టి ఇక్కడి పాత అంగళ్లకు అంతకు ముందు 1949 నాటి మద్రాసు చట్టం వర్తించేది. ఆ మద్రాసు చట్టం, తెలంగాణలోని హైదరాబాద్ చట్టం స్థానంలో 1960 చట్టం వచ్చింది. 2017లో రాష్ట్రం మరో కొత్త బాడుగ చట్టం చేసింది. ఆ చట్టం కింద వచ్చిన ఉత్తర్వును ఇక్కడ చెబుతున్న సెక్షన్లతో, గడువులతో చదవకూడదు. ఒక కేసులో విన్న గడువును ఇంకో చట్టం కింద నడిచే కేసుకు అంటగట్టడం సంఘాల్లో తరచూ జరిగే పొరపాటు.

సెక్షను తెలిశాక ఉత్తర్వును మొదటి పేజీ నుంచి చదువుకుంటూ పోవాల్సిన పని లేదు. చివరి పేరాకు వెళ్లాలి. అంతకు ముందు ఉన్న పేజీల్లో ఓనరు చెప్పింది, దర్జీ చెప్పింది, సాక్షులు చెప్పింది, విచారణాంశాలు, వాటి మీద అధికారి అభిప్రాయాలు ఉంటాయి. ఇరుపక్షాల మాటలను రాసిన చోట ఆ మాటలు అధికారివే అనిపించేలా వాక్యాలు సాగుతాయి. ‘ఎదురుదారుడు ఉద్దేశపూర్వకంగా బాడుగ ఎగవేశాడు’ అన్న వాక్యం నాలుగో పేజీలో కనిపిస్తే, అది ఓనరు ఆరోపణా, అధికారి తేల్చిన విషయమా అన్నది పైనున్న పేరా చూస్తే తప్ప తెలియదు. సంఘంలో ఎవరో ఆ పేజీని ఫోన్‌లో ఫోటో తీసి పంపితే, ఓడిపోయామన్న వదంతి ఉత్తర్వు అందక ముందే బజారంతా తిరుగుతుంది. ఏం చేయాలో చెప్పేది చివరి పేరా ఒక్కటే.

ఈ కేసులో చివరి పేరా సారాంశం ఇది. జనవరి, ఫిబ్రవరి, మార్చి బాడుగ చెల్లించినట్టు రుజువు లేదు కాబట్టి బాకీ ఉంది. అయితే ఆ ఎగవేత ఉద్దేశపూర్వకం కాదు. కాబట్టి ఉత్తర్వు తేదీ నుంచి పదిహేను రోజుల్లోగా ఎదురుదారుడు ఆ బాకీని, చెల్లించే తేదీ దాకా బకాయి పడే బాడుగను చెల్లిస్తే పిటిషన్ కొట్టివేయబడుతుంది. చెల్లించకపోతే రెండు నెలల్లో అంగడిని ఖాళీ చేసి అప్పగించాలి. ఉత్తర్వు తేదీ నవంబరు 10.

వినేవాళ్లకు ముందుగా చెప్పాల్సింది మొత్తం. చాలామంది 5,400 రూపాయలు అనే చెబుతారు, ఎందుకంటే ఉత్తర్వులో అంకెగా కనిపించేది అదే. ‘చెల్లించే తేదీ దాకా’ అన్న మూడు మాటల పక్కన అంకె ఉండదు. ఆ షరతు అధికారి తన తరఫున చేర్చింది కాదు, చట్టంలోనే ఉంది. ఎగవేత ఉద్దేశపూర్వకం కాదని తేలినప్పుడు పదిహేను రోజులకు మించని గడువు ఇవ్వవచ్చని, ఆ గడువులో చెల్లించే తేదీ వరకు ఉన్న బాడుగ మొత్తం ఇస్తేనే పిటిషన్ కొట్టేయాలని ఆ క్లాజు కిందనే రాసి ఉంది. దర్జీ సెప్టెంబరు బాడుగ దాకా కోర్టులో జమ చేశాడు. అక్టోబరు బాడుగ గడువు నవంబరు 5న ముగిసింది, ఉత్తర్వు వస్తుందన్న హడావిడిలో అది కట్టలేదు. కాబట్టి నవంబరు 25లోగా కట్టాల్సింది మూడు నెలల 5,400 రూపాయలకు అక్టోబరు 1,800 కలిపి 7,200 రూపాయలు. 5,400 మాత్రమే కట్టి రశీదు జేబులో పెట్టుకున్న మనిషి షరతు నెరవేర్చలేదని ఓనరు తరఫు వకీలు మరుసటి రోజే చెప్పగలడు.

రెండో విషయం గడువు. పదిహేను రోజులు ఎక్కడ మొదలవుతాయన్న దాని మీద సంఘంలో నిలిచిపోయిన ఒక తప్పుడు లెక్క ఉంది. ఉత్తర్వు నకలు చేతికి వచ్చాకే రోజులు మొదలవుతాయని అనుకుంటారు. అప్పీలు విషయంలో ఆ మాటలో కొంత నిజం ఉంది. 20వ సెక్షను ప్రకారం అప్పీలు వేయడానికి ముప్పై రోజుల గడువు ఉంటుంది, ధ్రువీకరించిన నకలు కోసం దరఖాస్తు పెట్టి దాన్ని తీసుకోవడానికి పట్టిన రోజులను అందులో లెక్కించరు. డబ్బు కట్టే పదిహేను రోజులకు ఆ మినహాయింపు లేదు. నకలు పన్నెండో రోజున వస్తే కట్టడానికి మిగిలేది మూడు రోజులే. ఈ రెండు గడువులను ఒకే వాక్యంలో చెబితే వినేవాళ్లు కలిపేసుకుంటారు కాబట్టి, మధ్యలో వేరే మాట పెట్టి విడిగా చెప్పడం మంచిది. అధికారి పదిహేను రోజులకు మించి ఇవ్వలేడన్న సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ‘ఒక వారం అటూ ఇటూ అయితే సార్ చూసుకుంటారులే’ అన్న ధీమా ఈ క్లాజులో చెల్లదు.

ఇవి చెప్పాకే కారణాల వైపు వెళ్లాలి. కారణాల్లో కూడా వినేవాళ్ల రేపటి వ్యవహారానికి పనికొచ్చేది ఒక్కటే: ఒకే మనిషి ఏప్రిల్ నుంచి గట్టిగా ఎలా నిలబడ్డాడు, అంతకు ముందు మూడు నెలల్లో ఎందుకు చిక్కుకున్నాడు.

చట్టం లెక్క ఇలా ఉంటుంది. కరారులో పెట్టిన తేదీ దాటాక మరో పదిహేను రోజుల్లోగా బాడుగ ఇవ్వకపోతే, ఇవ్వడానికి ముందుకు రాకపోతే అది ఎగవేత. కరారే లేకపోతే, బాడుగ ఏ నెలదో ఆ మరుసటి నెల ఆఖరు రోజు దాకా గడువు ఉంటుంది. దర్జీ విషయంలో 5వ తేదీ మీద పదిహేను రోజులు, అంటే 20వ తేదీ. మార్చి బాడుగ ఏప్రిల్ 20 దాటితే ఎగవేత అవుతుంది. బాడుగ ఇచ్చానని చెప్పేవాడే దాన్ని రుజువు చేయాలి. చేతికి ఇచ్చిన డబ్బుకు రశీదు లేదు, బ్యాంకు జమ లేదు, చూసిన మనిషి లేడు. పాత ఓనరు ఉన్నన్ని రోజులూ రశీదు లేకుండానే నడిచిందన్నది నిజమే కావచ్చు, కానీ ఆయన ఇప్పుడు లేడు, కొడుకు ఒప్పుకోలేదు. అధికారి అందుకే బాకీ ఉందని తేల్చాడు. బాడుగ కట్టిన ప్రతిసారీ రశీదు పొందే హక్కు బాడుగదారుడికి అదే చట్టంలో ఉంది. ఫోన్ ద్వారా పంపే డబ్బుకు బ్యాంకు లెక్కలో గుర్తు మిగులుతుంది కాబట్టి ఈ కష్టం ఇప్పుడు కొంత తగ్గింది. అయితే ఏ నెల బాడుగ అన్నది అక్కడ రాయకపోతే మూడు నెలల తర్వాత మళ్లీ అదే తగవు రావచ్చు.

ఏప్రిల్ కథ వేరు. ఓనరు తీసుకోనన్నప్పుడు దర్జీ డబ్బు ఇంట్లో పెట్టుకుని కూర్చోలేదు. 8వ సెక్షను చెప్పిన వరుసలో నడిచాడు. మొదట లిఖితపూర్వకంగా నోటీసు ఇచ్చి, పది రోజుల్లోగా ఒక బ్యాంకు పేరు చెబితే అందులో వేస్తానన్నాడు. జవాబు రాలేదు. తర్వాత కమిషన్ మినహాయించి మనియార్డరు పంపాడు. ఓనరు కొడుకు దాన్ని కూడా తిప్పి పంపాడు. ఆ తిరిగి వచ్చిన కాగితంతో కోర్టులో జమ చేశాడు. ‘ఆయనే తీసుకోలేదు, నేనేం చేయను’ అన్న మాట ఒక్కటే ఉంటే కేసులో పెద్దగా నిలవదు. నోటీసు నకలు, పోస్టాఫీసు రశీదు, తిరిగి వచ్చిన మనియార్డరు ఫారం, జమ చలానా, ఈ నాలుగు కాగితాలూ ఉన్నాయి కాబట్టే ఏప్రిల్ తర్వాతి నెలల మీద వివాదమే రాలేదు.

ఇదే నడవడిక పాత మూడు నెలలకు కూడా కలిసి వచ్చింది. ఉద్దేశపూర్వక ఎగవేత అంటే ఏమిటన్న దాని మీద సుప్రీంకోర్టు 1985లో, తమిళనాడు బాడుగ చట్టం కింద వచ్చిన కేసుల్లో, వివరంగా చెప్పింది. ఫలితం ఏమిటో తెలిసి, కావాలని, బుద్ధిపూర్వకంగా బాడుగ ఆపడమే అలాంటి ఎగవేత అన్నది ఆ తీర్పు సారం. బాకీ ఉండడం ఒకటి, కావాలని ఎగవేయడం ఇంకొకటి. దర్జీ తర్వాతి నెలల్లో సెప్టెంబరు దాకా ఒక్కటి కూడా తప్పలేదు, తీసుకోకపోయినా వెంటపడి జమ చేశాడు. అలాంటి మనిషి ముందు మూడు నెలలు మాత్రం కావాలని ఆపాడనుకోవడానికి ఆధారం లేదని అధికారి అన్నాడు. అంగడి నిలబడడానికి ఇదే కారణం, కాబట్టి ప్రసంగంలో ఎక్కువ సమయం దీనికి ఇవ్వవచ్చు. సాక్షుల అడ్డ ప్రశ్నలు, ఓనరు వారసత్వ కాగితాల సంగతి లాంటివి ఎంత రసవత్తరంగా ఉన్నా వదిలేయడమే నయం.

ఈ క్రమంలో చెబితే మాటలు సుమారుగా ఇలా ఉంటాయి:

‘అందరికీ నమస్కారం. మన దర్జీ అన్న అంగడి కేసులో ఉత్తర్వు వచ్చింది. ముందు అన్న చేయాల్సిన పని చెప్తా, ఎందుకన్నది తర్వాత చెప్తా. ఈ నెల 25వ తేదీ లోపల ఏడువేల రెండు వందలు కట్టాల. అప్పటి మూడు నెలల బాడుగ ఐదువేల నాలుగు వందలు, పోయిన నెలది పద్దెనిమిది వందలు. మొత్తం కడితే కేసు కొట్టేస్తారు, అంగడి ఖాళీ చేసే పని లేదు. ఒక్క నెలది తగ్గినా, ఒక్క రోజు దాటినా రెండు నెలల్లో ఖాళీ చేయాల. ఉత్తర్వు నకలు వచ్చేదాకా ఆగకూడదు. ఎందుకిట్ల చెప్పినారంటే, మూడు నెలలు చేతికిచ్చినామని అన్న చెప్పినాడు, దానికి రశీదు లేదు. అందుకని బాకీ ఉందన్నారు. అయితే ఆ తర్వాత ఓనరు తీసుకోకపోయినా నోటీసు ఇచ్చి, మనియార్డరు చేసి, కోర్టులో జమ చేసినాడు. ఎగ్గొట్టే మనిషైతే ఇంత చేయడు అన్నారు. అందుకే ఈ అవకాశం ఇచ్చినారు. ఇది అన్న కేసు వరకే. మీ అంగడికి, నా అంగడికి ఈ కాగితం పనికిరాదు.’

ఇంత మాట చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. మిగతా సమయం ప్రశ్నలకు ఉంచాలి. ప్రశ్నలు తీసుకునే ముందు ప్రసంగకుడే ఒక ప్రశ్న అడిగి చూడవచ్చు: రేపు పొద్దున దర్జీ చేయాల్సిన పనేమిటి? ‘ఏముంది, గెలిచాడు కదా’ అని ఒక్కరు అన్నా మొదటి నాలుగు వాక్యాలను మళ్లీ చెప్పాల్సిందే. అక్కడ తలాడించిన వాళ్లలో దర్జీ తమ్ముడు కూడా ఉండవచ్చు.

వచ్చే ప్రశ్నల్లో అడ్వాన్సు గురించినది తప్పకుండా ఉంటుంది. ‘ఓనరు దగ్గర మన డబ్బు ఉంది కదా, అందులో కోసుకోమంటే సరిపోదా?’ అని అడుగుతారు. ఇది తేలిగ్గా కొట్టేయాల్సిన ప్రశ్న కాదు. 1960 చట్టం 7వ సెక్షను ప్రకారం ఓనరు ఒక నెల బాడుగకు మించి అడ్వాన్సు తీసుకోకూడదు, మించి తీసుకున్నది బాడుగదారుడికి తిరిగి ఇవ్వాలి లేదా అతను కోరినట్టు సర్దుబాటు చేయాలి. తిరుపతికి ఉత్తరాన ఉన్న గూడూరులోని ఒక హోటలు కేసులో సుప్రీంకోర్టు 1989లో, ఓనరు చేతిలో అలాంటి అదనపు సొమ్ము ఉండగా బాడుగదారుణ్ణి ఎగవేతదారుడు అనలేమని చెప్పి ఖాళీ ఉత్తర్వును రద్దు చేసింది. అయితే అది కేసు నడుస్తుండగా ఎత్తి చూపాల్సిన వాదన. దర్జీ ఇచ్చిన అడ్వాన్సు 1,800 రూపాయలే, అంటే చట్టం అనుమతించినంతే. చివరి పేరాలో అడ్వాన్సు మాట లేదు. కాబట్టి ఈ 7,200లో సొంతంగా కోత వేసుకుని కట్టడం గండం కొనితెచ్చుకోవడమే అవుతుంది. పెద్ద అడ్వాన్సు ఇచ్చి చిన్న బాడుగ కడుతున్నవాళ్లు సంఘంలో ఉంటే, వాళ్లు ఆ కాగితాలు తీసుకుని వకీలు దగ్గరకు వెళ్లాల్సిన సమయం నోటీసు అందినప్పుడే, తీర్పు వచ్చాక కాదు.

డబ్బు ఎవరి చేతికి ఇవ్వాలన్నది రెండో ప్రశ్న. ఓనరుకే ఇవ్వాలి, రశీదు తీసుకోవాలి. ఈసారి కూడా ఆయన తీసుకోకపోతే, లేదా రశీదు లేకుండా తీసుకుంటానంటే, ఆ రోజే వకీలు ద్వారా కోర్టులో జమ చేసి, జమ చేసిన సంగతి మెమో రూపంలో ఫైలులో చేర్పించాలి. 24వ తేదీ సాయంత్రం ఓనరు తలుపు తట్టి, 25న కోర్టు గుమాస్తా కోసం వెతకడం వల్ల అంగళ్లు పోయిన కథలు బజారులో వినిపిస్తూనే ఉంటాయి. 18, 19 తేదీల కల్లా పని ముగిస్తే, ఏ కాగితం సరిగా లేకపోయినా సరిదిద్దుకునే వీలుంటుంది.

ఓనరు ఊరుకుంటాడా అన్నది మూడో ప్రశ్న. ఊరుకోకపోవచ్చు. ముప్పై రోజుల్లో ఆయన అప్పీలు వేయవచ్చు, అప్పుడు కేసు నంబరు ఆర్.సి.ఎ. అవుతుంది, పై అధికారిగా సాధారణంగా సీనియర్ సివిల్ జడ్జి వింటారు. అక్కడ కూడా ఓడినవాళ్లు 22వ సెక్షను కింద అమరావతిలోని హైకోర్టుకు రివిజన్‌కు వెళ్లవచ్చు. ఓనరు అప్పీలు వేశాడని వినగానే దర్జీ పదిహేను రోజుల చెల్లింపును ఆపకూడదు. అప్పీలు వేయడం వల్ల కింది ఉత్తర్వు తనంతట తాను ఆగిపోదు, ఆపాలంటే పై అధికారి స్టే ఇవ్వాలి. ఇదే నియమం తిరగబడితే బాడుగదారుడికి ప్రాణసంకటం అవుతుంది. ఖాళీ చేయమన్న ఉత్తర్వు మీద అప్పీలు వేసి, స్టే అడగకుండా ధీమాగా కూర్చున్నవాడి అంగడి ముందుకు, ఉత్తర్వు అమలు కోసం వేసే ఇ.పి. అనే పిటిషన్ నంబరు ఉన్న వారెంటుతో కోర్టు అమీను రావచ్చు.

దర్జీ విషయంలో అప్పీలు నోటీసు వస్తే ఆయన చేతిలో ఉండాల్సినవి 7,200 చెల్లించిన రశీదో జమ చలానానో, నవంబరు బాడుగను డిసెంబరు 5లోగా కట్టినదానికి మరో రశీదు. కేసు కింద ముగిసిందన్న ఊపులో డిసెంబరు బాడుగ ఆలస్యమైతే, పాత పిటిషన్‌తో సంబంధం లేకుండా ఓనరు కొత్త ఎగవేత మీద కొత్త ఆర్.సి.సి. వేసుకోవచ్చు.